శ్రీకాళహస్తిలో ఆరు రోజులు, ఒక మూర గుడ్డ

శ్రీకాళహస్తికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆ ఊరిని ఒక పూట కంటే ఎక్కువ చూడరు. తిరుపతిలో పొద్దున్నే బయలుదేరి, రాహుకేతు పూజ చేయించుకుని, వాయులింగాన్ని దర్శించుకుని, భోజనాల వేళకు మళ్ళీ బస్సెక్కేస్తారు. తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల లోపే, రేణిగుంట విమానాశ్రయం ఇంకా దగ్గర. ఇక్కడ రాత్రి ఉండాల్సిన పని ఎవరికీ కనిపించదు. అయితే గుడి వీధులు దాటి నాలుగడుగులు వేస్తే, ఇళ్ళ ముందు తాళ్ళ మీద పసుప్పచ్చటి గుడ్డలు ఆరుతూ ఉంటాయి. వాటిలో ఒక్కదాన్ని మొదటి నుంచి చివరిదాకా మన చేత్తో చేయాలంటే ఆరు రోజులు పడుతుంది. సెలవు పెట్టి, ఊరు మారి, ఒక విద్యను దగ్గరుండి నేర్చుకుందామనుకునే తెలుగువాళ్ళకు మన నేల మీద ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

కుండలు చేయడం నేర్చుకోవడానికి హిమాచల్‌లోని ఆంద్రెట్టాకు, నాట్యం కోసం కేరళకు వెళ్ళేవాళ్ళు మన స్నేహితుల్లోనే ఉంటారు. కలంకారీ అనేసరికి మాత్రం నగరంలో ఆదివారం పూట జరిగే మూడు గంటల క్లాసుతో సరిపెట్టుకుంటున్నాం. ఆ క్లాసులో ముందే గీతలు వేసి ఉన్న గుడ్డ, డబ్బాల్లో రెడీమేడ్ రంగులు, ఒక కుంచె ఇస్తారు. గీతల మధ్య రంగు నింపి, ఫొటో తీసుకుని ఇంటికొస్తాం. సరదాగానే గడుస్తుంది, కాదనను. కానీ అక్కడ కలంకారీలో ఉన్న అసలు పనిలో దాదాపు ఏదీ జరగదు. ఎందుకంటే ఈ విద్యలో ముఖ్యమైన రెండు రంగులు, నలుపు, ఎరుపు, పూసేటప్పుడు ఆ రంగులో ఉండవు. వాటికోసం గుడ్డను ముందు సిద్ధం చేయాలి, తర్వాత ఎండకూ నీళ్ళకూ వదిలి ఆగాలి. ఆ వరసను అర్థం చేసుకోవడానికే ఆరు రోజుల సెలవు కావాలి.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. కలంకారీ అనే పేరుతో మనకు రెండు పనులున్నాయి. కృష్ణా జిల్లా పెడనలో, మచిలీపట్నం చుట్టుపక్కల చేసేది చెక్క అచ్చులతో అద్దకం. శ్రీకాళహస్తిలో చేసేది కలంతో, చేత్తో గీసే పని. ఒకప్పుడు గుళ్ళలో దేవుడి వెనుక కట్టే తెరలకూ, రథాల అలంకారానికీ రామాయణ, భారత కథలను ఇలా గుడ్డ మీద గీసేవారు. గత శతాబ్దం మధ్యకు వచ్చేసరికి చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకోవడం వల్ల 1950ల చివర్లో ఈ ఊళ్ళో ఒక శిక్షణ కేంద్రం వచ్చింది. ఈ రోజు శ్రీకాళహస్తిలో కలం పట్టిన చేతుల్లో చాలావాటికి ఆ కేంద్రంతో గురుశిష్య సంబంధం ఏదో ఒక తరంలో ఉంటుంది. ఈ ఊరి జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. సెలవుకు వచ్చేవాళ్ళకు నేర్పేది కూడా ఎక్కువగా ఇలాంటి కుటుంబాలే, తమ ఇంటి వసారాలోనే.

ఇక ఆరు రోజుల్లో ఏం చేయగలమో చూద్దాం. గుడ్డ ఒక మూర చదరం ఉంటే చాలు. అంతకంటే పెద్దది తీసుకుంటే గీతల దగ్గరే రోజులైపోతాయి. బొమ్మ కూడా చిన్నదే ఎంచుకోవాలి: ఒక కొమ్మ, రెండు చిలకలు, చుట్టూ సన్నటి లతల అంచు. వచ్చినవాళ్ళు మొదట అడిగేది కృష్ణుడినో వినాయకుడినో వేయాలని. దేవతామూర్తుల ముఖం, కన్ను, చేతివేళ్ళ కొలతలు సాధన మీద వచ్చేవి, వాటికి సంవత్సరాలు కావాలి. ఆరు రోజుల విద్యార్థి వాటికి పూనుకుంటే చివరికి గురువుగారే గీసిపెట్టాల్సి వస్తుంది, మనం రంగులు నింపేవాళ్ళుగా మిగిలిపోతాం. చిలక ముక్కు కాస్త వంకరపోయినా చిలకే.

మొదటి రోజంతా గుడ్డదే. నేత గుడ్డలో ఉండే గంజి పోవడానికి దాన్ని ముందే పేడ నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి ఉంచుతారు. ఇది మీరు వెళ్ళేసరికి గురువుగారి ఇంట్లో జరిగి ఉంటుంది. మీ చేత్తో మొదలయ్యేది కరక్కాయ పాలు. కరక్కాయ పొడిని నీళ్ళలో కలిపి, అందులో పచ్చి గేదెపాలు పోసి, గుడ్డను ముంచి, ప్రతి పోగుకూ పట్టేలా పిసికి, గట్టిగా పిండి ఎండలో పరుస్తారు. కొలతలు ఇంటింటికీ కొంత మారతాయి. మీటరు గుడ్డకు ఒకటి రెండు గుప్పెళ్ళ పొడి, అర లీటరు దాకా పాలు అనుకోవచ్చు. పాలు నీళ్ళపాలు కాకూడదు, వెన్న తీసినవి అసలు పనికిరావు. ఈ రెంటికీ వేరువేరు పనులున్నాయి. కరక్కాయలోని వగరు రేపు నలుపు పుట్టడానికి. పాలలోని కొవ్వు, గీసిన గీత పక్కకు పాకకుండా ఆపడానికి. ఆరాక గుడ్డ లేత పసుపుగా, కాస్త బిరుసుగా, పచ్చిపాల వాసనతో ఉంటుంది. ఆ వాసన మొదట్లో కొందరికి పడదు. రెండో రోజుకు అలవాటైపోతుంది.

గుడ్డ ఆరేలోపు కలం పట్టడం నేర్పుతారు. కలం అంటే చివర సన్నగా చెక్కిన వెదురు పుల్ల. మొనకు కొంచెం పైన ఊలో, వెంట్రుకలో, మెత్తటి గుడ్డో ఉండలా చుట్టి దారంతో బిగించి కడతారు. ఆ ఉండ రంగును పీల్చుకుని ఉంటుంది. దాన్ని వేళ్ళతో నొక్కితే రంగు పుల్ల వెంట మొనకు దిగుతుంది. మొదటిసారి పట్టుకున్న ఎవరైనా చేసే పొరపాటు ఒకటే, కలాన్ని పెన్నులా గట్టిగా బిగించి పట్టుకోవడం. అలా పట్టుకుంటే తెలియకుండానే ఉండను నొక్కేస్తాం, రంగు బొట్టుగా జారి గుడ్డ మీద పడుతుంది. మొనను ఆనించీ ఆనించనట్టు ఉంచి, మణికట్టు కదలకుండా మోచేతి నుంచి గీత లాగాలి. నాకు నేర్పిన పెద్దాయన మొదటి సాయంత్రమంతా పాత గుడ్డపీలిక మీద నిలువు గీతలు మాత్రమే గీయించారు. "బొమ్మ రేపు అమ్మా, ఈ పూట గీత రానీ" అన్నారు. అది విసుగు పుట్టించే పనే గానీ ఆ సాయంత్రాన్ని వదిలేసినవాళ్ళ బొమ్మలో ప్రతి ఆకు చివరా ఒక మచ్చ ఉంటుంది.

రెండో రోజు బొమ్మ. చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతో మొదట లేతగా గీసుకుంటారు. తప్పు గీస్తే దులిపేస్తే పోతుంది, కాబట్టి సరిదిద్దుకోవాలంటే ఈ దశలోనే. చేయి తిరగనివాళ్ళకు కొందరు గురువులు కాగితం మీద బొమ్మ గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, పైన బొగ్గు పొడి రుద్ది గుడ్డ మీదకు దించుతారు. దాన్ని నామోషీగా తీసుకోనక్కర్లేదు. పెద్ద తెరల అంచులకు చేయి తిరిగినవాళ్ళూ అలాగే చేస్తారు.

బొగ్గు గీతల మీద కసిమితో గీస్తారు. కసిమి అంటే నల్లరంగుకు మూలమైన ఇనుప నీళ్ళు. మట్టికుండలో తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, చెరుకు బెల్లం, తాటిబెల్లం, నీళ్ళు వేసి మూతపెట్టి ఇంచుమించు మూడు వారాలు పులియబెడతారు. బెల్లం పులిసి ఆమ్లాలు పుడతాయి, అవి ఇనుమును కరిగించి నీళ్ళలోకి దించుతాయి. వడగట్టి కలంతో ముంచి చూస్తే అది నల్లగా ఉండదు, పలచటి గోధుమ రంగులో ఉంటుంది. మామూలు తెల్లగుడ్డ మీద గీస్తే తుప్పు మరకలా కనిపిస్తుంది. అదే కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలిందంటే, చూస్తుండగానే గీత నల్లబడుతుంది. కరక్కాయ వగరూ ఇనుమూ పోగు లోపల కలిసి నీళ్ళలో కరగని నలుపుగా మారిపోతాయి. అందుకే ఆ నలుపు ఎన్ని ఉతుకులకూ పోదు. ఈ ఒక్క క్షణాన్ని స్వయంగా చూశాక, డబ్బాలో నల్లరంగు కొని గుడ్డకు పూయడం ఎంత వేరో ఎవరూ చెప్పనక్కర్లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో కూడా ఈ గీతలోనే తెలిసిపోతుంది. గీత అంచులు వెంట్రుకల్లా పక్కకు పాకితే పాలు సరిగా పట్టలేదన్నమాట, లేదా గుడ్డ పూర్తిగా ఆరలేదు. గీత సన్నగా, శుభ్రంగా వచ్చి కూడా బూడిద రంగులోనే ఆగిపోతే కరక్కాయ తక్కువైంది, లేదా కసిమి ఇంకా పండలేదు. అందుకే మంచి గురువు బొమ్మ మొదలుపెట్టేముందు గుడ్డ మూల మీద చిన్న గీత గీసి, ఆరనిచ్చి చూస్తారు. కసిమి మరీ ఘాటైనా ముప్పే. ఇనుము ఎక్కువైతే కాలం గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. మ్యూజియాల్లో ఉన్న పాత అద్దకపు గుడ్డలను దగ్గరగా చూడండి, కొన్నింటిలో మిగతా గుడ్డ బాగానే ఉండి, నల్లగీతల వెంట మాత్రం చిరుగులు కనిపిస్తాయి.

మూడో రోజు నల్లగా నిండాల్సిన చోట్లు నింపడంతో మొదలవుతుంది. దానికి మొన మొద్దుగా ఉండే ఇంకో కలం వాడతారు. తర్వాత ఈ విద్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని వస్తుంది. చిలక ముక్కు, కొమ్మ మీది పూలు, అంచులోని లతల మధ్య భాగం, ఇలా ఎర్రగా రావాల్సిన చోట్లన్నీ పటిక నీళ్ళతో పూయాలి. పటిక నీళ్ళకు రంగు లేదు. ఎక్కడ పూశామో కంటికి ఆనడానికి కొందరు అందులో రవ్వంత రంగు కలుపుతారు. ఆ రంగు తర్వాత నీళ్ళలో పోతుంది. అంటే రాబోయే ఎరుపును మనసులో ఊహించుకుంటూ నీళ్ళతో బొమ్మ వేయాలి. ఒక పువ్వు రెక్క మరిచిపోతే అది ఎరుపు లేకుండానే ఉండిపోతుంది. ఒక చుక్క పొరపాటున ఆకు మీద పడితే అక్కడ ఎర్రమచ్చ పుడుతుంది. రెండూ మర్నాడు దాకా బయటపడవు.

ఏదైనా కోర్సు అసలైనదో కాదో తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష ఇదే. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు, "ఎరుపు ఎలా వేయిస్తారండీ?" అని అడగండి. పటిక పూసి, ఆరబెట్టి, ఉతికి, రంగులో ఉడకబెడతామంటే వెళ్ళండి. ఎర్రరంగు కలిపి ఉంచామని, కుంచెతో పూసేయొచ్చని చెబితే అది రంగులు నింపే క్లాసు, పేరు ఏదైనా సరే. పటిక దారి చెప్పేవాళ్ళు కూడా ఈ రోజుల్లో వేళ్ళూ బెరడులకు బదులు కొన్నిసార్లు అలిజరిన్ పొడి వాడతారు. అది కర్మాగారంలో తయారైనదే అయినా పనిచేసే తీరు ఒకటే, పటిక ఉన్నచోటే పట్టుకుంటుంది. దాన్ని మోసమని నేననను. ఏది వాడుతున్నారో దాచకుండా చెబితే చాలు.

పటిక పూసిన గుడ్డ కనీసం ఒక రోజు ఆరాలి. తొందరపడి ఉతికితే పటిక పోగును పట్టకుండానే నీళ్ళలో కలిసిపోతుంది, ఎరుపు వెలవెలబోతుంది. కాబట్టి మూడో రోజు సాయంత్రం, నాలుగో రోజు పొద్దున మీకు చేతినిండా ఖాళీ దొరుకుతుంది. ఆ వేళను గుడి చూడటానికి ఉంచుకోండి. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన పెద్ద గాలిగోపురం 2010లో కూలిపోయింది, ఇప్పుడున్నది దాని స్థానంలో కొత్తగా కట్టింది. వాహనం ఉంటే ఏర్పేడు దాటి గుడిమల్లం వెళ్ళిరావచ్చు. అక్కడి పరశురామేశ్వర స్వామి లింగం మన దేశంలో దొరికిన అతి పురాతన శివలింగాల్లో ఒకటి. లింగం మీద చెక్కిన మూర్తి పంచె మడతలను, నడుము గీతను రెండు రోజులు కలం పట్టిన కళ్ళతో చూడటం వేరుగా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు వెంట వచ్చి, కలం జోలికి పోనివాళ్ళుంటే వాళ్ళకూ ఈ పూట మీతో గడిపినట్టవుతుంది.

నాలుగో రోజు ఉతుకు. చదవడానికి చిన్నమాటే గానీ, సగానికి సగం గుడ్డలు పాడయ్యేది ఇక్కడే. పోగును పట్టిన పటిక ఉండాలి, పైపైన మిగిలిన పటిక పోవాలి. అది పారే నీటిలోనే శుభ్రంగా పోతుంది, నీళ్ళు దాన్ని వెంటనే దూరంగా లాక్కుపోతాయి కాబట్టి. బకెట్‌లో ముంచి ఉంచితే వదిలిన పటిక నీళ్ళలోనే తిరిగి, బొమ్మలో ఖాళీగా ఉండాల్సిన చోట పట్టుకుంటుంది. ఉడకబెట్టాక అక్కడంతా ఎర్రటి మసక కమ్ముతుంది. గుడ్డను మడతపెట్టి ఉంచినా అంతే, ఒక పువ్వు ఎరుపు ఎదురుమడత మీద అచ్చుపడుతుంది. రెండు చేతులతో పరచి పట్టుకుని, ఆపకుండా ఆడిస్తూ కడగాలి. ఈ విద్య స్వర్ణముఖి ఒడ్డున నిలబడటానికి కారణం ఇదే. నదిలో ఇప్పుడు ఏడాది పొడుగునా నీళ్ళుండవు. ప్రవాహం లేనప్పుడు తొట్లలో నీళ్ళు మార్చి మార్చి కడుగుతారు, లేదా బోరు గొట్టం కింద పరుస్తారు. బోరు నీళ్ళలో ఇనుము ఎక్కువుంటే ఎరుపు కాస్తా గోధుమలోకి, ఊదాలోకి తిరుగుతుంది. ఎరుపు మట్టిరంగులా వచ్చిందని బాధపడేవాళ్ళు తమ చేతిని కాకుండా ముందు నీళ్ళను అనుమానించాలి.

ఆ మధ్యాహ్నమే ఉడకబెట్టడం. రాగి గంగాళంలో నీళ్ళు, అందులో ఎరుపునిచ్చే దినుసు వేస్తారు. చిరివేరు, సురుడు చెక్క, మంజిష్ఠ, ఎవరి దగ్గర ఏది ఉంటే అది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నప్పుడే గుడ్డ వేసి, మంటను మెల్లగా పెంచుతూ, కర్రతో కదుపుతూనే ఉండాలి. గుడ్డ ఎక్కడైనా నీళ్ళ పైకి బుడగలా లేస్తే ఆ మేరకు రంగు తక్కువ పడుతుంది. కాసేపటికి పటిక పూసిన చోట్లు ఒక్కొక్కటే మేల్కొంటాయి. నిన్న నీళ్ళతో వేసిన పూలు ఎర్రగా పైకి వస్తాయి. నల్లగీత చెదరదు. పటిక లేని గుడ్డ లేత గులాబీ రంగు తాగుతుంది గానీ దాన్ని గట్టిగా పట్టుకోలేదు. నేను చూసిన ప్రతి బృందంలోనూ జనం గంగాళం చుట్టూ చేరి, ఎవరికివారు మరిచిపోయిన రెక్కలను వెతుక్కుంటూ ఉంటారు.

ఆ గులాబీ మసకను పోగొట్టడానికి పాత పద్ధతిలో గుడ్డను పేడ నీళ్ళలో నానబెట్టి, నది ఇసుక మీద పరచి, ఎండలో నీళ్ళు చిలకరిస్తూ ఉంచుతారు. ఎండ పడేకొద్దీ పటిక లేనిచోట రంగు వెలిసిపోతుంది, పటిక ఉన్నచోట నిలుస్తుంది. దీనికి రోజులు పడుతుంది. ఆరు రోజుల సెలవు కోతపడేది ఇక్కడే. మీకు ఐదో రోజు ఒక్కటే దొరుకుతుంది, కాబట్టి మీ గుడ్డ నేల పూర్తిగా తెల్లగా రాదు, మీగడ రంగులోనో చాలా లేత గులాబీలోనో ఆగుతుంది. ఇది మీ తప్పు కాదు, గురువుగారి తప్పూ కాదు. బ్లీచింగ్ పొడి వేసి తెల్లగా చేసిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. అది నేలతోపాటు ఎరుపునూ నలుపునూ పాడుచేస్తుంది.

మిగిలిన రంగులు తేలికే. గుడ్డను మళ్ళీ పాలలో ముంచి ఆరబెడతారు, లేకపోతే పసుపు పాకిపోతుంది. కరక్కాయ పువ్వునో దానిమ్మ తొక్కనో మరిగించి, పటిక చేర్చి చేసిన పసుపును కలంతో నింపుతారు. నీలానికి నీలిమందు. చిలక ఒంటికి కావలసిన ఆకుపచ్చకు వేరే రంగు లేదు, పసుపు మీద నీలం వేయడమే. ఆరో రోజు మధ్యాహ్నానికి ఇది పూర్తవుతుంది, చివరి ఉతుకుతో పాలవాసన చాలావరకు పోతుంది. ఇంటికి తెచ్చుకున్నాక నీడలో ఆరబెట్టండి. నలుపూ ఎరుపూ చాలాకాలం నిలుస్తాయి. ఎండ తగిలే గోడకు వేలాడదీస్తే మొదట వెలిసేది పసుపు, దానితోపాటు చిలక ఆకుపచ్చ కాస్తా నీలంగా మారుతుంది.

ఎప్పుడు వెళ్ళాలన్నది ఎండను బట్టి తేలుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు ఈ ప్రాంతం మీదే పడతాయి. ముసురు పట్టిందంటే గుడ్డ ఆరదు, ఆరని గుడ్డలో పాలు పులిసి వాసన కొడుతుంది, మీ ఆరు రోజులు రెండు పనులతోనే అయిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో గుడ్డ గంటలో ఆరుతుంది గానీ గంగాళం దగ్గర మనం నిలబడలేం. సంక్రాంతి వెళ్ళాక వచ్చే వారాలు అన్నిటికంటే మంచివి. ఎండ చక్కగా ఉంటుంది, అంతకుముందు వానలు బాగా పడి ఉంటే స్వర్ణముఖిలో నీళ్ళ జాడా ఉంటుంది. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాల రోజులను మాత్రం తప్పించుకోండి. అప్పుడు ఊళ్ళో గది దొరకదు, నేర్పే కుటుంబాలకూ తీరిక ఉండదు.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. మీ పక్కన కూర్చున్న ఆరు రోజులూ ఆ గురువుగారి సొంత గుడ్డ ఆగిపోతుంది. పండగ ఆర్డరు చేతిలో ఉన్నప్పుడు ఆ నష్టం చిన్నది కాదు. అందుకని రోజుకింత అని ముందే అడిగి ఒప్పుకోవాలి, గుడ్డ, రంగులు, కలాలు అందులోనే కలిసి ఉన్నాయో లేదో తెలుసుకోవాలి, ఆ తర్వాత బేరం ఆడకూడదు. చీర కొంటే నేర్పుతామని చెప్పే ఇళ్ళూ ఉంటాయి. కొనుగోలునూ నేర్చుకోవడాన్నీ కలపకపోవడం ఇద్దరికీ మేలు. ఒక గురువు దగ్గర ముగ్గురు నలుగురు మించకుండా చూసుకోండి. పదిమంది ఉన్నచోట మీ గీత పాకుతోందని చూసి చెప్పేవాళ్ళు ఉండరు.

కాబట్టి ఈ ఏడు సెలవుల గురించి ఆలోచించేటప్పుడు, వారం రోజులు వరసగా దొరికితేనే దీనికి పూనుకోండి. మూడు రోజులే ఉంటే మొత్తం గుడ్డ చేద్దామని ఆశపడకండి. కరక్కాయ, కలం, కసిమి, ఈ మూడే నేర్పమని అడిగి, ఒక నల్లబొమ్మతో తిరిగి రండి. వారమంతా ఉంటే బయలుదేరడానికి నెల ముందే గురువుగారికి ఫోన్ చేసి ఒకే ఒక్క కోరిక చెప్పండి: గంగాళం పొయ్యి మీద పెట్టే రోజు నేనూ అక్కడ ఉండేలా చూడండి అని.